ల్యాబ్ రిపోర్టు: ఓసీఆర్‌తో తీయాలా, చేత్తో టైప్ చేయాలా?

స్కాన్ చేసిన రిపోర్టులోని విలువలను షీట్‌లోకి ఎక్కించాలంటే, అది పొడవైనదైతే అక్షరాలను కంప్యూటరే చదివే ఓసీఆర్‌తో తొందరగా అయిపోతుంది. టెస్టుల పేర్లు బాగానే వస్తాయి, టెన్షన్ అంతా దశాంశ చుక్కలతోనే. స్కాన్ మసగ్గా ఉంటే క్రియాటినిన్ 1.1 కాస్తా 11 అవుతుంది. పక్కన నార్మల్ రేంజ్ 0.7–1.3 అని ఉండి, అసలు రిపోర్టులో ఎక్కువని సూచించే H గుర్తు లేకపోతే, తప్పు చదివిందని అర్థం. అందుకే ఆ గుర్తునూ షీట్‌లోకి తెచ్చుకోవాలి.

చేత్తో టైప్ చేస్తే చుక్క పోవడం తక్కువే కానీ కన్ను ఒక వరుస జారి, పక్క టెస్టు విలువ ఇక్కడికి వస్తుంది. స్కేలు పెట్టుకుని చదవడం మేలు.

పది పదిహేను టెస్టులే అయితే నేను టైపింగే ఎంచుకుంటాను. ఏ పద్ధతైనా రేంజ్, యూనిట్ ఆ రిపోర్టులోవే రాయాలి. ల్యాబ్‌ను బట్టి, వయసును బట్టి అవి మారతాయి.