డెలివరీకి మాస్క్‌డ్ కాలా, వేరే సిమ్మా?

పెద్ద యాప్‌లో ఆర్డరిస్తే, డెలివరీ అబ్బాయికి చాలాసార్లు మన అసలు నంబర్ కనిపించదు. అతను నొక్కేది కంపెనీ సర్వర్‌కు చెందిన నంబర్. ఏ ఆర్డర్‌కు ఎవరెవరో సర్వర్ చూసుకుని, మనకు ఇంకో కాల్ చేసి రెండింటినీ కలుపుతుంది. ఇదే మాస్క్‌డ్ కాల్. డెలివరీ ముగిశాక ఆ జత తెగిపోతుంది, మర్నాడు అదే నంబర్‌కు చేసినా మనకు రాదు. మనమూ ఆర్డర్‌లో ఇచ్చిన ఫోన్ నుంచే చేయాలి, ఇంట్లో వేరే ఫోన్ నుంచి చేస్తే సాధారణంగా కలవదు.

అయితే ఈ రక్షణ కాల్ వరకే. దారి చెప్పడానికి వాట్సాప్‌లో లొకేషన్ పంపామంటే నంబర్ అతని చేతికి వెళ్లినట్టే. చిరునామా ఎలాగూ దాగదు. పార్సిల్ లేబుల్ మీద నంబర్ కూడా ఉండొచ్చు, డబ్బా పారేసే ముందు చింపేయండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలమ్మే అమ్మాయి దగ్గర కొంటే ఈ ఏర్పాటు ఉండదు. నంబర్ ఆమెకు, కొరియర్ ఆఫీసుకు, లేబుల్‌కు చేరుతుంది. అక్కడ వేరే సిమ్మే నయం. దాన్ని బ్యాంకుకు, యూపీఐకి కలపకండి. అప్పుడు ఆ సిమ్‌కు 'మీ ఖాతా ఆగిపోయింది' అని కాల్ వస్తే అబద్ధమని వెంటనే తెలుస్తుంది. కానీ 90 రోజులు అసలు వాడకపోతే సిమ్ ఆగిపోవచ్చు, తర్వాత ఆ నంబర్ ఇంకొకరికి వెళ్లొచ్చు.

నేనైతే యాప్‌లో మాస్క్‌డ్ కాల్‌నే నమ్ముతాను, నేరుగా కొనేచోట రెండో సిమ్ ఇస్తాను.