అనంతపురంలో సింకు సెట్టు కొనేవాళ్ళు డబ్బా విప్పి చూడకుండా ఇంటికి తెచ్చుకోవద్దండి

ఈ పొద్దు పొద్దున జరిగింది, ఇంకా చేతులు వణుకుతానే ఉన్నాయి. అంగడి పేరు రాయను. మన ఊర్లో ఇల్లు కట్టుకున్న వాళ్ళలో సగం మంది అక్కడే కొనింటారు, మేమూ కొళాయిలు, పైపులు అన్నీ అక్కడే కొన్నాం. ఆ నమ్మకంతోనే పోయినాను.

పోయిన నెలలో వంటింటి స్టీలు సింకు కింద పాత పైపు విరిగిపోయింది. జాలి, దాని కింద దిగే టెయిల్ పీసు పైపు, ఆ కింద వంపు పైపు ట్రాప్, వాషర్లు అన్నీ కలిపి ఒకే డబ్బాలో వచ్చే సెట్టు 850 రూపాయలకు ఇచ్చినారు. బిగించే పిల్లోన్ని కూడా వాళ్ళే పంపించినారు. పుట్టీ వాడే తెచ్చినాడు. అరగంటలో పని అయిపోయింది, 300 తీసుకొని పోయినాడు.

పది దినాలకు సింకు కింద అరలో వాసన మొదలైంది. పల్లె నుంచి మా అత్త పంపించిన శనక్కాయ విత్తనాలు ఒక చిన్న సంచిలో అక్కడే పెట్టింటిని. తీసి చూస్తే అడుగంతా తడిసి బూజు పట్టింది. బూజు పట్టిన శనక్కాయ విషమని పశువులకు కూడా పెట్టకుండా పారేసినాం. అర తలుపు ప్లైవుడ్ ఉబ్బిపోయి ఇప్పుడు మూసుకోదు.

కొళాయి తిప్పి నీళ్ళు వదిలితే చుక్క కూడా కారదు. అందుకే ఇన్ని దినాలు తెలీలేదు. గిన్నెలు నానబెట్టి, జాలికి బిరడా వేసి సింకు నింపినప్పుడు మాత్రమే కారుతుంది. మా చిన్నాయన ముప్పై ఏండ్లు ప్లంబింగ్ పని చేసినాడు. ఫోన్లో ఈ మాట చెప్తూనే, "పాపా, అట్లయితే ట్రాప్ జోలికి పోవద్దు, జాలి కింద చూడు" అన్నాడు. నీళ్ళు నిలబడినప్పుడు కారితే జాలి అంచు దగ్గర లోపం. పారేటప్పుడు మాత్రమే కారితే టెయిల్ పీసు దగ్గరో ట్రాప్ దగ్గరో లోపం. సాయంత్రం ఆయనే వచ్చి మొత్తం విప్పినాడు.

విప్పితే ఏం కనబడిందో చెప్తాను, అసలు మోసం అక్కడే ఉంది.

జాలి కప్పు పై నుంచి సింకు రంధ్రంలో కూర్చుంటుంది. దాని అంచు కింద, సింకు స్టీలుకూ అంచుకూ నడుమ ప్లంబర్ పుట్టీ ఉండాలి. అది నూనె కలిసిన మెత్తని ముద్ద, తొందరగా గట్టిపడదు. అరచేతుల్లో రుద్ది పెన్సిల్ లావు తాడులాగా చేసి, అంచు చుట్టూ యాడా తెగకుండా పెట్టి కప్పును ఒత్తితే, మిగిలిన పుట్టీ చుట్టూ సమానంగా బయటికి వస్తుంది. ఒక పక్క రాలేదంటే అక్కడ ఖాళీ ఉందని లెక్క. మా దాంట్లో ఆ పిల్లోడు పెట్టింది గోడలకు పూసే తెల్ల పుట్టీ! నీళ్ళు కలిపి పూసి పోయినాడు. స్టీలు సింకు పలచన. బరువు గిన్నె పెట్టిన ప్రతిసారీ కొంచెం వంగి లేస్తుంది. గట్టిపడిన గోడ పుట్టీ ఆ కదలికకు పగిలి పెచ్చులుగా ఊడింది. పుట్టీ అంటే పుట్టీ అనుకొని నేను అడగలేదు, పక్కనే నిలబడి చూస్తా కూడా అడగలేదు. అది నా తప్పే.

అయినా పుట్టీ ఒకటే ఆధారం కాదు. సింకు కింది వైపు నుంచి మొదట లావు రబ్బరు గాస్కెట్, దాని కింద పలచని అట్ట వాషర్, ఆ కింద పెద్ద నట్టు రావాలి. నట్టు తిప్పేటప్పుడు రబ్బరుకు నేరుగా రాసుకుంటే రబ్బరు కూడా నట్టుతో పాటు మెలి తిరిగి ఒక పక్కకు జారిపోతుంది. నట్టు జారి తిరగడానికే నడుమ ఆ అట్ట. మా సెట్టులో అట్ట లేదు. గాస్కెట్ ఒక పక్క ముడతపడి రంధ్రం అంచు నుంచి తొలగిపోయి ఉంది.

చిన్నాయన ఆ గాస్కెట్‌ను వెలుతురులో తిప్పి చూసి కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత నాకు చూపించినాడు. రబ్బరు మీద రెండు గుండ్రటి గాట్లు, ఒకదాని పక్కన ఒకటి. ఒకటి మా సింకుది. రెండోది ఎవరి సింకుది? నట్టు మరల లోపల నల్లగా ఎండిపోయిన పాత పుట్టీ. అట్ట వాషర్ ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది. ఒకసారి తడిసి బిగుసుకున్న అట్ట విప్పితే చినిగిపోతుంది. ఎవరో వాడి వాపసు ఇచ్చిన సెట్టును కడిగి, టేపు వేసి, కొత్తదని నాకు అమ్మినారు. కొన్న దినం డబ్బా మీద పాత టేపుపైనే ఇంకో టేపు వేసి ఉండింది. చూసినాను. చూసి కూడా ఊరకుండినాను.

పొద్దున అన్నీ ఒక కవర్లో వేసుకొని అంగడికి పోయినాను. ఓనరు మొదట "ఈ సెట్టుకు అట్ట రాదమ్మా" అన్నాడు. డబ్బా మీది బొమ్మలో అట్ట వాషర్ ఉంది, చూపించినాను. గాస్కెట్ మీద రెండు గాట్లు చూపించినాను. ఆయన గాస్కెట్‌ను చేతిలోకి తీసుకోను కూడా తీసుకోలేదు. అంతమంది ముందర, "వాడిన సరుకు తెచ్చి కొత్తది ఇమ్మంటే ఎట్లా? నీకేం తెలుస్తుంది ఇవన్నీ, ఇంట్లో మగోళ్ళుంటే పంపించు" అన్నాడు. ఎనిమిదేండ్లుగా వాళ్ళ దగ్గర కొంటున్నా నేను. కొన్నప్పుడు "అక్కా, కూర్చోండి" అన్న మనిషి. డబ్బాకు టేపు వేసి ఇచ్చిన పిల్లోడు అక్కడే ఉన్నాడు, తల ఎత్తలేదు. నాకు గొంతు పట్టుకుపోయి ఏమీ అనలేక వచ్చేసినాను. 850 పోయినందుకు కాదు, ఆ మాటకు ఇంటికొచ్చి ఏడ్చినాను.

బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద అంకెలు రాసిచ్చినారు, అంగడి పేరు కూడా లేదు. ఫోన్లో డబ్బులు కట్టిన రసీదు ఒకటే ఉంది. దాంతోనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తున్నా.

వేరే అంగడిలో కొత్త సెట్టు, ప్లంబర్ పుట్టీ తెచ్చి చిన్నాయనే బిగించినాడు. బిగించినాక సింకు నిండా నీళ్ళు పట్టి అరగంట ఉంచినాడు, కింద పాత పేపరు పరిచి. పేపరు తడవలేదు. తర్వాత బిరడా తీసి నీళ్ళన్నీ ఒకేసారి వదిలితే ట్రాప్ నట్టు దగ్గర ఒక చుక్క పడింది. అక్కడి వాషర్ ఒక పక్క ఏటవాలుగా ఉంటుంది, ఆ ఏటవాలు ట్రాప్ నోట్లోకి, చదును వైపు నట్టుకు ఆనాలి. తిరగబడిందని తీసి సరిగ్గా పెట్టి, చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు మాత్రం తిప్పినాడు. అక్కడ పుట్టీ పెట్టలేదు, వాషరే నీళ్ళు ఆపాలంట.

కొనేటప్పుడు అంగట్లోనే డబ్బా విప్పించండి. గాస్కెట్ మీద గాటు ఉందా, అట్ట వాషర్ ఉందా, మరల్లో మురికి ఉందా చూడండి. పుట్టీ "సింకుకు" అని అడిగి తీసుకోండి. సింకు చుట్టూ గ్రానైటో కడప బండో ఉంటే ఆ పుట్టీ రాయికి అంటనీకండి, నూనె మరక పోదు. బిగించినోన్ని సింకు నింపి చూపించకుండా పంపించొద్దు.

మీలో ఎవరైనా ఈ మధ్య సింకు సెట్టు వాడి వాపసు ఇచ్చింటే, ఏ అంగడికి ఇచ్చినారో దయచేసి నాకు చెప్పండి. ఫిర్యాదులో అది పనికొస్తుంది.