“వస్తాను.” అన్నాడా, “వస్తాను,” అన్నాడా, “వస్తాను” అన్నాడా: ఏది మేలు?

ఒక స్నేహితురాలి కథ ప్రెస్సుకి వెళ్ళేముందు చూసిపెట్టమంటే చూశాను. కథ బాగుంది. కానీ సంభాషణల్లో ఒక్కో పేజీలో ఒక్కో పద్ధతి. మొదటి పేజీలోని ఐదు వాక్యాల ధోరణి ఇలా ఉంది:

“పొద్దున్నే వచ్చావే?.” అంది పిన్ని.
“బస్సు తొందరగా వచ్చింది,” అన్నాను.
“టిఫిన్ తిన్నావా?”, అని అడిగింది.
“తిన్నాను” సంచి కింద పెట్టాను.
“అబద్ధాలు చెప్ప”కంటూ వంటింట్లోకి వెళ్ళింది.

ఐదు వాక్యాలు, ఐదు పద్ధతులు. అచ్చులో చూస్తే ఇందులో కొన్ని పద్ధతులు బాగానే చలామణీలో ఉన్నాయి. అందుకే ఏది తప్పు అనడం కంటే ఏది మేలు అని అడగడం నయం.

ముందు కామా సంగతి. ఇది ఇంగ్లీషు కథలు చదివిన చేతికి అలవాటైన గుర్తు. ఇంగ్లీషులో మాట పూర్తయ్యాక ఫుల్‌స్టాప్ పెడితే వాక్యమే ముగిసిపోతుంది, “అన్నాడు” అనే ముక్క విడిగా మిగిలిపోతుంది. దాన్ని కలిపి ఉంచడానికి అక్కడ కామా పెడతారు. తెలుగులో ఆ కలిపే పని చెయ్యడానికి “అని” ఉంది, “అను” అనే క్రియ ఉంది. పైకి చదివి చూడండి. “వస్తాను అన్నాడు” అంటే నోరు మధ్యలో ఆగదు, “వస్తానన్నాడు” అయిపోతుంది. సంధి జరిగే చోట విరామం ఉండదు కదా! ఆగని చోట కామా ఎందుకు? ఇక “తిన్నావా?”, అని అడిగింది అన్నప్పుడు ప్రశ్నార్థకం తర్వాత, కొటేషన్ బయట కామా ఇంగ్లీషు పద్ధతి కూడా కాదు. కాబట్టి నా ఓటు కామాకి లేదు.

ఫుల్‌స్టాప్ పక్షాన చెప్పుకోదగ్గ మాట ఒకటుంది. పాత్ర మూడు వాక్యాలు వరసగా మాట్లాడితే, మొదటి రెండింటికీ ఫుల్‌స్టాప్ పెట్టి మూడోదానికి తీసెయ్యడం కంటికి వెలితిగా అనిపిస్తుంది. “ఆకలిగా ఉంది. పొద్దుటినుంచీ ఏం తినలేదు. అన్నం పెట్టు” అన్నాడు. ఆ చివరి చుక్క ఎక్కడ రాలిపోయిందని ప్రూఫులు దిద్దేవాళ్ళకి అనుమానం రావడం సహజమే. అయినా నేను తీసెయ్యమనే అంటాను. దానికి అసలు కారణం నాలుగో వాక్యంలో ఉంది.

“తిన్నాను” సంచి కింద పెట్టాను. ఇక్కడ సంచి పెట్టడం మాట్లాడటం కాదు. “తిన్నాను” అన్నది ఆ క్రియలోకి వెళ్ళదు. రెండూ వేర్వేరు వాక్యాలు, కాబట్టి మొదటిదానికి ముగింపు కావాలి: “తిన్నాను.” సంచి కింద పెట్టాను. అంటే కొటేషన్ లోపలి ఫుల్‌స్టాప్ పాఠకుడికి ఒక కబురు చెబుతోంది, ఇక్కడితో మాట అయిపోయింది, తర్వాతది చేష్ట అని. “అన్నాడు” ముందు కూడా అదే చుక్క పెడుతూ పోతే ఆ తేడా చెప్పే సాధనం చేజారిపోతుంది. చుక్క ఎక్కడా పెట్టకపోతే ఇంకో ఇబ్బంది, “తిన్నాను” సంచి కింద పెట్టాను లాంటివి అతుక్కుపోయి తడబాటు వస్తుంది. రెండు చోట్లా రెండు రకాలుగా ఉండటమే లాభం.

“నవ్వాడు”, “నిట్టూర్చింది” లాంటివి ఈ రెండింటి మధ్య సరిహద్దులో ఉంటాయి. “తెలుసులే.” నవ్వాడు. ఇక్కడ చుక్క ఉండాలి, ఎందుకంటే మాటని నవ్వరు. “తెలుసులే” అంటూ నవ్వాడు అని రాస్తే చుక్క అక్కర్లేదు, “అంటూ” ఆ మాటని అందుకుంది. అడిగాడు, అరిచాడు, గొణిగాడు మాత్రం నోటితో చేసే పనులే, కాబట్టి “అని” లేకపోయినా మాటని అందుకుంటాయి.

ప్రశ్నార్థకానికీ ఆశ్చర్యార్థకానికీ ఈ తీసివేత వర్తించదు. అవి గొంతు ఎలా పలికిందో చెప్పే గుర్తులు. “భోజనం అయింది?” అని అడిగినప్పుడు ఆ గుర్తు తీసేస్తే అది జవాబైపోతుంది. కాబట్టి అవి కొటేషన్ లోపలే ఉంటాయి, వాటి పక్కన మళ్ళీ చుక్క గానీ కామా గానీ ఉండదు. బయటి వాక్యం కూడా ప్రశ్నే అయితే దానికి వేరే గుర్తు పెట్టుకోవచ్చు: “ఎప్పుడొచ్చావు?” అని అడిగిందా? రెండూ సరైనవే, మధ్యలో క్రియ ఉంది కాబట్టి ఒకదాన్నొకటి గుద్దుకోవు.

అమెరికన్ పద్ధతిలో ఫుల్‌స్టాప్ ఎప్పుడూ కొటేషన్ లోపలే, బ్రిటిష్ పద్ధతిలో అర్థాన్ని బట్టి లోపలో బయటో. ఆ తగాదా మనదాకా పెద్దగా రాదు, తెలుగు వాక్యం సాధారణంగా క్రియతోనే ముగుస్తుంది గనక. వచ్చేది ఇలాంటి చోట: వాడి ముద్దుపేరు ‘చిట్టి’. ఇక్కడ చుక్క మొత్తం వాక్యానిది, పేరుది కాదు, బయటే ఉంచాలి. పిన్ని నావైపు చూసి అంది, “నువ్వు మారలేదు.” ఇక్కడ మాటతోనే అంతా ముగిసింది, చుక్క లోపల. మళ్ళీ బయట ఇంకోటి అక్కర్లేదు. అన్నాడు, అంది ఏమీ లేకుండా విడిగా నిలబడ్డ సంభాషణకీ ఇదే పద్ధతి.

ఐదో వాక్యంలోని “చెప్ప”కంటూ తరహా పాత అచ్చులో కనిపిస్తుంది. సంధి చేసి, దాని మధ్యలో కొటేషన్ మూసెయ్యడం. చూడముచ్చటగానే ఉంటుంది గానీ, పిన్ని నోటినుంచి వచ్చింది “చెప్పకు”, “చెప్ప” కాదు. కొటేషన్ పెడితే సంధి విడగొట్టాలి, సంధి కావాలంటే కొటేషన్ తీసెయ్యాలి: అబద్ధాలు చెప్పకంటూ వంటింట్లోకి వెళ్ళింది. రెండోదానిలో పిన్ని గొంతు కాస్త దూరం జరుగుతుంది. ఆ ఎంపిక కథకురాలిది.

మొత్తం కథలో ఇలాంటి అనవసరమైన కామాలనీ చుక్కలనీ పట్టుకోవడానికి వర్డ్‌లో ఫైండ్ పెట్టె చాలు. నేను ఈ నాలుగూ ఒక్కొక్కటిగా వెతికాను:

```
,” అ
.” అ
?”,
?.”
```

రీప్లేస్ ఆల్ మాత్రం నొక్కకండి. రెండో గుర్తుకి “తిన్నాను.” అన్నాను లాంటి తప్పుతో పాటు, “తిన్నాను.” అమ్మ లేచి వెళ్ళింది లాంటి సరైన వాక్యమూ దొరుకుతుంది. ఒక్కొక్కటీ కళ్ళతో చూసి తేల్చాల్సిందే. తెగిపోయిన మాటల దగ్గర ఇంకో చిక్కు. “నేను అసలు—” అని టైపు చేస్తే, డాష్ తర్వాత మూసే గుర్తుకి బదులు తెరిచే గుర్తు పడుతూ ఉంటుంది. ఆ కథలో అలాంటివి మూడు దొరికాయి. అన్నీ పిన్నితో గొడవపడే పేజీలోనే.

దిద్దాక మొదటి పేజీ:

“పొద్దున్నే వచ్చావే?” అంది పిన్ని.
“బస్సు తొందరగా వచ్చింది” అన్నాను.
“టిఫిన్ తిన్నావా?” అని అడిగింది.
“తిన్నాను.” సంచి కింద పెట్టాను.
“అబద్ధాలు చెప్పకు” అంటూ వంటింట్లోకి వెళ్ళింది.