బాడీమూవిన్, లాటీ: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన కదిలే బొమ్మల్ని యాప్‌లకూ వెబ్‌సైట్లకూ ఇవ్వడానికి కొన్నేళ్లుగా బాడీమూవిన్ ప్లగిన్‌నే వాడుతున్నాను. అది యానిమేషన్‌ను వీడియోగా కాక జేసన్ అనే టెక్స్ట్ ఫైలుగా రాస్తుంది. 2017లో ఎయిర్‌బీఎన్‌బీ విడుదల చేసిన లాటీ లైబ్రరీ ఆ ఫైలు చదివి ఫోన్‌లో బొమ్మ గీస్తుంది. ఎంత పెద్ద స్క్రీన్ మీదైనా అంచులు మసకబారవు. నాకు ఇది బాగా నచ్చిన పనిముట్టు. కాకపోతే ఫైలు చిన్నదిగా రావాలంటే కదలికను దానికి తగ్గట్టు కట్టాలి.

రెపరెపలాడే జెండానే తీసుకోండి. 3 సెకన్ల బొమ్మ, సెకనుకు 30 ఫ్రేములు, జెండా అంచుకు 60 పాయింట్లు. ఆ అంచు గీతనే పాత్ అంటారు. ఫలానా క్షణంలో అది ఎలా ఉండాలో చెప్పే గుర్తు కీఫ్రేమ్. పాత్ మీద కీఫ్రేమ్ పెట్టిన ప్రతిసారీ ఫైల్లో ఆ 60 పాయింట్లూ మళ్లీ మొదటి నుంచి పడతాయి, కదలనివి కూడా. ఒక్కో పాయింట్‌కు దాని చోటు, వంపును దిద్దే రెండు హ్యాండిళ్లు కలిపి ఆరు సంఖ్యలు. అంటే కీఫ్రేమ్‌కు 360 సంఖ్యలు, సుమారు 2.5 కేబీ. ఎక్స్‌ప్రెషన్ అనే చిన్న కోడ్‌తో జెండాను ఊపి, దాన్ని కీఫ్రేములుగా మార్చేస్తే ప్రతి ఫ్రేముకూ ఒక కీఫ్రేమ్ పడుతుంది. 90 ఫ్రేములకు 225 కేబీ అయిపోయింది!

అదే జెండాను 8 పాయింట్లతో గీసి, చేత్తో ఐదు కీఫ్రేములు పెట్టి, చివరిదాన్ని మొదటిదానితో సమానం చేసి లూప్ చేస్తే పాత్ మొత్తం 2 కేబీ దాటదు. మధ్య ఫ్రేముల్ని ప్లేయరే లెక్కగట్టుకుంటుంది. కీఫ్రేములు తక్కువగా ఉన్నప్పుడు ఫ్రేమ్ రేటు తగ్గించినా ఫైలు సైజు పెద్దగా మారదు. ఈ సంగతి చాలామందికి తెలియక ఊరికే కదలిక పాడుచేసుకుంటారు.

ఫైలు అనుమానంగా బరువెక్కితే టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి `data:image` అని వెతకండి. కనిపిస్తే ఎక్కడో ఒక లేయర్ వెక్టర్ గీతలుగా కాక ఫొటోగా లోపల కూర్చుందన్నమాట. ఎక్కువసార్లు అది ఇలస్ట్రేటర్ నుంచి తెచ్చిన లేయరే అయి ఉంటుంది. దాని మీద Create Shapes from Vector Layer నొక్కి, పాత లేయర్ తీసేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి.

తెలుగు అక్షరాలున్న బొమ్మలకు ఇంకో జాగ్రత్త కావాలి. టెక్స్ట్ లేయర్‌ను అలాగే పంపితే వత్తులు, గుణింతాలు విడిపోయే ప్రమాదం ఉంది. నేను ముందే అవుట్‌లైన్లుగా మార్చేస్తాను. మన అక్షరాల్లో వంపులెక్కువ కాబట్టి పాయింట్లూ ఎక్కువే. అయినా టెన్షన్ అక్కర్లేదు, కదలని పాత్ ఫైల్లో ఒక్కసారే పడుతుంది. పొజిషన్, స్కేల్, ఒపాసిటీ మాత్రమే కదిపితే చాలు.

`.lottie` ఫార్మాట్ సంగతి. అది అదే జేసన్‌ను జిప్ చేసిన ఫైలు. యాప్ సైజు తగ్గించడానికి బాగా పనికొస్తుంది. సర్వర్ ఇప్పటికే జీజిప్ చేసి పంపుతుంటే మాత్రం వెబ్‌లో తేడా తక్కువే. పైగా ఆ 225 కేబీ జెండాను జిప్‌లో పెట్టినా, ఫోన్ దాన్ని విప్పి అన్ని పాయింట్లూ చదవాల్సిందే.

ఐకాన్లకు, లోడింగ్ బొమ్మలకు, చిన్న ఇలస్ట్రేషన్లకు కళ్లు మూసుకుని వాడొచ్చు. పొగ, మంట, ఫొటోల మీద బ్లర్ లాంటివి కావాలంటే చిన్న వీడియోనే మేలు.