"ఇంటికి చేరింది" అన్న సందేశాన్ని నమ్మి చందా కట్టకండి

ఇంట్లోవాళ్లు ఎక్కడికి చేరారో, ఎక్కడి నుంచి బయలుదేరారో ఫోనుకు చెప్పే యాప్‌కు జూన్‌లో ఏడాది చందా కట్టాను. అలాంటిది కొనాలనుకునేవారు ముందు ఇది చదవండి.

మాది వనస్థలిపురం. అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఒక వానరోజు సాయంత్రం 6:20కి "ఇంటికి చేరింది" అని వచ్చింది. ఆఫీసులో ఉన్న నేను నిశ్చింతగా పనిలో పడ్డాను. నిజానికి మా వీధిలో నీళ్లు నిలవడంతో పిల్ల ముప్పావుగంట బస్టాపులోనే నిలబడింది. యాప్ "ఇల్లు" అనుకున్నది మా గుమ్మాన్ని కాదు, ఇంటి చుట్టూ 250 మీటర్ల వ్యాసార్థంతో గీసిన వృత్తాన్ని. బస్టాపు 180 మీటర్ల దూరంలోనే ఉంది.

వృత్తాన్ని 100 మీటర్లకు తగ్గించాను. అప్పుడు సందేశాలు ఒకరోజు వచ్చేవి, ఒకరోజు రావు. ఆండ్రాయిడ్ డెవలపర్లకు గూగుల్ ఇచ్చిన సూచనల్లోనే కనీసం 100 నుంచి 150 మీటర్లు ఉంచమని ఉంది. యాప్ తెరిచి లేనప్పుడు బ్యాటరీ ఆదా కోసం ఫోను లొకేషన్‌ను తరచుగా చూడదు కాబట్టి, అన్నీ సరిగ్గా ఉన్నా సందేశం కొన్ని నిమిషాలు ఆలస్యం కావచ్చు. ఆ సంగతి అమ్మేవాళ్లు ఎక్కడా చెప్పలేదు.

ఫిర్యాదు చేస్తే, కచ్చితత్వం ఎక్కువగా ఉండే పద్ధతికి మార్చమన్నారు. మార్చాక సందేశాలు కుదుటపడ్డాయి కానీ, సాయంత్రానికి సగం చార్జింగ్‌తో తిరిగొచ్చే ఫోను నాలుగు గంటలకే 20 శాతానికి పడిపోయింది. ఆపదలో కాల్ చేయాల్సిన ఫోను అది! బ్యాటరీ సేవర్ పెడితే సందేశాలు మళ్లీ ఆగిపోయాయి.

నన్ను ఎక్కువగా బాధించింది మరొకటి. అత్యవసరానికని మా తమ్ముణ్ణి కూడా బృందంలో చేర్చాను. అమ్మాయి నెల రోజులుగా ఎక్కడెక్కడ తిరిగిందో అతనికీ కనిపించింది. ఎవరికి ఏది చూపాలో విడివిడిగా ఎంచుకునే వీలు లేదు. ఉన్నదల్లా ఒక్క "ఆపు" బటన్, నొక్కితే అందరికీ కబురు వెళుతుంది. "నన్ను అడిగావా నాన్నా?" అంది అమ్మాయి. అడగలేదు. అది నా తప్పే.

కొనేముందు ఉచిత గడువులో వారం రోజులు మీ వీధిలోనే పరీక్షించండి. బస్టాపు దగ్గర ఒకసారి, గుమ్మం దగ్గర ఒకసారి నిలబడి, సందేశం ఎప్పుడొచ్చిందో రాసుకోండి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం చూడండి. ఇదే పని గూగుల్ మ్యాప్స్‌లో ఉచితంగా జరుగుతుంది, పైగా మీరు హెచ్చరిక పెట్టినట్టు అవతలివారికి తెలుస్తుంది. యాప్‌ను తీసేసినంత మాత్రాన చందా ఆగదు, ప్లే స్టోర్‌లోని చందాల పేజీలో విడిగా రద్దు చేయాలి.