పెంబర్తి దీపం వెనుక రింగులు: గ్రేడియంట్ బ్యాక్‌డ్రాప్‌తో నాలుగేళ్లు

హనుమకొండలో మాది చిన్న స్టూడియో. పెళ్లి ఆల్బమ్‌లు, హాఫ్ శారీ ఫంక్షన్ ఫోటోలు, అప్పుడప్పుడు పెంబర్తి ఇత్తడి సామాను. బ్యాక్‌డ్రాప్ పేపర్ రోల్ కొనడం మానేసి నాలుగేళ్లయింది. వస్తువునైనా మనిషినైనా బూడిద రంగు గుడ్డ ముందు తీసి, కటౌట్ చేసి, వెనుక ఫోటోషాప్‌లో నడుమ నుంచి మూలలకు మెల్లగా ముదిరే రంగు, అంటే గ్రేడియంట్, వేస్తున్నాను. ఖర్చు తగ్గింది, చోటు కలిసొచ్చింది. కానీ మొదటి ఏడాది ఈ పద్ధతి నా పరువు తీసింది.

ఒక ఇత్తడి దీపపు సెమ్మె వెనుక ముదురు గోధుమ రంగు వేసి పంపాను. కస్టమర్ ఫోన్: "అన్నా, దీపం మంచిగనే ఉన్నది గని, ఎనుక బావిల రాయేసినట్టు గీ రింగులేంది?" నిజమే, దీపం చుట్టూ అలలు అలలుగా చారలు. దీన్నే బ్యాండింగ్ అంటారు.

లెక్క వేస్తే కారణం తెలిసింది. 4000 బై 6000 పిక్సెళ్ల ఫోటోలో నడిమి నుంచి మూలకు దాదాపు 3600 పిక్సెళ్లు. ఎరుపు ఛానెల్ విలువ నడుమ 62, మూలలో 14. 8 బిట్‌లో మొత్తం ఉండేవే 256 మెట్లు. వాటిలో నేను వాడుకున్నవి 48. అంటే ఒక్కో మెట్టు 75 పిక్సెళ్ల వెడల్పు. అంత వెడల్పు పట్టీ అంచును కన్ను ఇట్టే పట్టేస్తుంది. పైగా మూడు ఛానెళ్ల మెట్లు ఒకే చోట పడవు కాబట్టి ఒక పట్టీ కాస్త ఎర్రగా, పక్కది కాస్త పచ్చగా కనబడుతుంది.

అందరూ చెప్పే మందే వేశాను: పైన 50% gray నింపిన లేయర్, బ్లెండ్ మోడ్ Overlay, దానిమీద `Filter > Noise > Add Noise`. నడుమ చారలు పోయాయి, మూలల్లో మాత్రం అలాగే ఉన్నాయి. నాయిస్ పెంచితే నడుమ ఇసుక చల్లినట్టయింది, మూలల్లో అయినా రింగులే. ఇది అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. Overlay లో నాయిస్ బలం కింది రంగు వెలుగును బట్టి ఉంటుంది. నాయిస్ 4 మెట్లు అటూ ఇటూ ఊగితే, విలువ 128 ఉన్న చోట ఆ 4 మెట్లూ పడతాయి. 62 దగ్గర రెండు, 14 దగ్గర అర మెట్టు కూడా పడదు. మందు ఎక్కువ కావాల్సిన చోటే తక్కువ పడుతోందన్నమాట.

మోడ్ Linear Light కి మార్చి, Opacity 50% పెట్టాను. ఇక్కడ వేసిన నాయిస్ కింది రంగుతో పని లేకుండా అంతే కలుస్తుంది. Amount 1.5 నుంచి 2 మధ్య, Gaussian, Monochromatic టిక్. ఆ టిక్ మరిస్తే రంగు చుక్కలు వస్తాయి. మూడేళ్లుగా ఇదే వాడుతున్నా, ముదురు రంగుల మీద ఇంతకన్నా నమ్మకమైనది నాకు దొరకలేదు.

కాకపోతే వరుస తప్పితే అంతా వృథా. ఫైలు మొదటి నుంచీ 16 బిట్‌లో ఉండాలి, గ్రేడియంట్ టూల్‌లో Dither టిక్ ఉండాలి. నాయిస్ పడ్డాక Flatten చేసి, ఆ తర్వాతే 8 బిట్‌కు మార్చాలి. లేయర్లు విడిగా ఉండగానే మారిస్తే గ్రేడియంట్ విడిగా మెట్లయిపోతుంది, పైన నాయిస్ ఉత్త ముసుగులా మిగులుతుంది. నాయిస్ మీద బ్లర్ కొట్టినా అంతే సంగతులు.

ఇంకో దెబ్బ సైజు తగ్గించినప్పుడు తగిలింది. 4000 వెడల్పును 1080 చేస్తే పక్కపక్క చుక్కలు కలిసి సగటు అయిపోతాయి, నాయిస్ సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఇప్పుడు కాపీ తీసి, పాత నాయిస్ లేయర్ తీసేసి, సైజు తగ్గించాక కొత్తగా వేస్తాను. జేపీఈజీ క్వాలిటీ 12కు 10 కంటే దించను. దించితే ముందు ఎగిరిపోయేది ఈ సన్నటి నాయిసే, చారల బదులు గడులు ప్రత్యక్షమవుతాయి. నాయిస్ వల్ల ఫైలు బరువెక్కుతుంది, అది తప్పదు. కస్టమర్లకు ఫోన్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపుతాను.

పోర్ట్రెయిట్లలో ఈ పద్ధతికి నేను కొంచెం తక్కువ మార్కులే వేస్తాను. ఫంక్షన్ హాల్లో ఐఎస్ఓ 3200లో తీసిన అమ్మాయి చెంప మీద గ్రెయిన్ ఉంటుంది, వెనుక గ్రేడియంట్ ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటుంది. 2 నాయిస్ దానికి చాలదు. ఫోటోను 100 శాతం జూమ్‌లో పెట్టి, చెంపనూ వెనకనూ పక్కపక్కన చూస్తూ పెంచుకుంటూ పోవాలి. ఒకోసారి 4 దాకా వెళ్లాను. జుట్టు అంచు దగ్గర మాత్రం ఎంత సరిచేసినా తేడా కొద్దిగా కనబడుతూనే ఉంటుంది.

చార కనబడగానే ఫైలును తిట్టకండి. జూమ్ తగ్గించి చూస్తే లేని చారలు కనబడతాయి, చవక ల్యాప్‌టాప్ స్క్రీన్లూ సొంతంగా చూపిస్తాయి. నేను పైన ఒక Curves లేయర్ పెట్టి కాంట్రాస్ట్ బాగా లాగి, 100 శాతంలో చూస్తాను. ఫైల్లో చార ఉంటే అంచు కత్తితో కోసినట్టు బయటపడుతుంది. లేకపోతే గరుకు మాత్రమే కనిపిస్తుంది. చూశాక ఆ లేయర్ తీసేయడం మరిచి, ఒకసారి ఆల్బమ్ ప్రింటింగ్‌కు అలాగే పంపేశాను. పెళ్లికొడుకు ముఖం బొగ్గులా వచ్చింది, ఆ పేజీ నా ఖర్చుతోనే మళ్లీ వేయించాను.