మొదటి తొంభై రోజులు: మేనేజర్ టైమా, మన టైమా?

హనుమకొండలో ఇంటి నుంచే పనిచేసే ఒక అమ్మాయి సెప్టెంబర్ 15న సాఫ్ట్‌వేర్ టీమ్‌లో చేరుతోందనుకుందాం. మేనేజర్ చికాగోలో ఉంటారు, పని నేర్పే సీనియర్ బెర్లిన్‌లో. ఆమె మొదటి తొంభై రోజులను రెండు రకాలుగా నడపొచ్చు.

మొదటిది, పూర్తిగా చికాగో టైము. రాత్రి ఏడున్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర దాకా. డౌట్ అడిగితే అప్పుడే జవాబు దొరుకుతుంది కాబట్టి మేనేజర్లకు ఇదే నచ్చుతుంది. కానీ అన్నీ కాల్‌లోనే తేలిపోతే ఎక్కడా ఏదీ రాసి ఉండదు. తొంభై ఒకటో రోజున ఆమె పగటి షిఫ్ట్‌కి మారితే అదే డౌట్ మళ్లీ వస్తుంది, అప్పటికి చికాగో నిద్రలో ఉంటుంది. నిద్ర సంగతి సరే సరి. బతుకమ్మ కూడా ఈ తొంభై రోజుల్లోనే వస్తుంది, ఆ సాయంత్రాలన్నీ షిఫ్ట్‌కే పోతాయి.

రెండోది, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర. బెర్లిన్‌లో అప్పుడు ఉదయం తొమ్మిది, కాబట్టి సీనియర్ రోజంతా అందుబాటులో ఉంటారు. చివరి రెండు గంటలు మేనేజర్ దొరుకుతారు. బతుకమ్మ రోజుల్లో మేనేజర్ కాల్‌ని మన రాత్రి తొమ్మిదికి జరిపితే చాలు.

దీని చిక్కల్లా మేనేజరే తేల్చాల్సిన పనులతోనే. మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక పర్మిషన్ అడిగితే రాత్రికి గానీ కదలదు. అందులో ఏదో తక్కువైందని తిప్పి పంపితే మరో రోజు పోతుంది. అందుకే లాగిన్లన్నీ ఆమె చేరకముందే తెరిచి, పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఒకటి ఆగితే ఇంకోటి చేసుకునేలా చేతిలో ఎప్పుడూ రెండు పనులుండాలి. ప్రశ్న కూడా ఇలా రాయడం అలవాటు చేయాలి: “ఇది ప్రయత్నించాను, ఈ ఎర్రర్ వచ్చింది, మీరు కాదనకపోతే రేపు ఇలా చేస్తాను.” మేనేజర్ పొద్దున ఒక్క మాట రాస్తే పని సాగుతుంది. రెండు రోజులుగా ఆమె నుంచి ప్రశ్నే లేదంటే అంతా బాగుందనుకోవద్దు, ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటుంది.

నెల తిరిగేసరికి సీనియర్ చూసిచ్చిన చిన్న మార్పు ఒకటి వాడకంలోకి వెళ్లాలి. రెండో నెలాఖరుకు ఒక చిన్న భాగం ఆమెదే కావాలి. ఆ మధ్యలోనే గడియారాలు ఒక గంట వెనక్కి మారతాయి: బెర్లిన్‌లో అక్టోబర్ చివరి ఆదివారం, చికాగోలో నవంబర్ మొదటి ఆదివారం. మనకు ఆ మార్పు లేదు. చికాగో ఉదయం తొమ్మిది గంటల కాల్ మనకు రాత్రి ఎనిమిదిన్నరకు జరిగి, కలిసి ఉండే సమయం గంటకు తగ్గుతుంది. అప్పుడు మేనేజర్ తన టైము ప్రకారం ఉదయం ఎనిమిదికే రావాలి, లేదంటే ఆమె షిఫ్ట్ ఒక గంట జరగాలి. ఇది చేరేటప్పుడే మాట్లాడుకోవాలి.

నా ఓటు రెండోదానికే. మొదటి వారం మాత్రం ఆమె రోజూ ఒక గంట ఎక్కువ రాత్రి దాకా ఉంటే మంచిది. అమెరికా కస్టమర్ల ఫోన్లు ఎత్తే ఉద్యోగమైతే లెక్క వేరు. అక్కడ పనే వాళ్ల టైములో ఉంటుంది కాబట్టి మొదటిదే సరైంది, అదీ చేరకముందే చెప్పి, ఆమె ఒప్పుకుంటేనే.